"వెన్ హీ విల్ కమ్": ఎక్కడ తప్పు, ఎక్కడ కరెక్టు

సార్, నేను అనంతపురం మార్కెట్ యార్డు దగ్గర ఒక చీనీకాయల మండీలో లెక్కలు రాస్తాను. ఢిల్లీ పార్టీలతో ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ ఇంగ్లీషే మాట్లాడాలి. "వెన్ ది లారీ విల్ కమ్, ఐ విల్ టెల్ యూ" అంటే మా ఓనర్ వాళ్ల అమ్మాయి తప్పంది. "ఐ డోంట్ నో వెన్ ది లారీ విల్ కమ్" అంటే మాత్రం కరెక్టే అంది. రెండింట్లోనూ లారీ వచ్చేది రేపే కదా, మరి తేడా ఏంటి? యాజ్ సూన్ యాజ్, బిఫోర్ సంగతి కూడా చెప్పండి. మొన్న పంపిన మెసేజ్ ఇది, దిద్దండి:

"సర్, వెన్ ది లారీ విల్ కమ్ టు ది యార్డ్, వి విల్ స్టార్ట్ లోడింగ్. యాజ్ సూన్ యాజ్ ది లోడింగ్ విల్ ఫినిష్, ఐ విల్ సెండ్ ది వెయిట్ స్లిప్. బిఫోర్ ది లారీ విల్ లీవ్, ప్లీజ్ సెండ్ ది అడ్వాన్స్. ది డ్రైవర్ విల్ కాల్ యూ వెన్ హీ విల్ క్రాస్ నాగ్‌పూర్. ఐ డోంట్ నో వెన్ హీ విల్ రీచ్ ఢిల్లీ."

—

తమ్ముడూ, ఆ అమ్మాయి రెండు మాటలూ సరిగ్గానే చెప్పింది. కర్నూలులో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ సగం మందికి పైగా సరిగ్గా ఇదే దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే వాళ్లకు "వెన్ తర్వాత విల్ రాకూడదు" అని ఒక్క ముక్క చెప్పి వదిలేసి ఉంటారు. ఆ ముక్క సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే కరెక్టుగా ఉన్న వాక్యాన్ని కూడా దిద్ది పాడుచేసుకుంటావు.

ముందు తెలుగులోనే చూద్దాం. "లారీ రాగానే చెప్తా" అంటాం. నిన్నటి సంగతి అయితే "లారీ రాగానే చెప్పా" అంటాం. రెండింట్లోనూ "రాగానే" మారలేదు, గమనించు. నిన్నా రేపా అన్నది చివర ఉన్న "చెప్తా", "చెప్పా" చూసుకుంటాయి. "రేపు లారీ వచ్చినప్పుడు చెప్తా" అన్నదాంట్లో అయితే "వచ్చిన" అనేది అసలు జరిగిపోయినదానికి వాడే రూపం. రేపటి మాటకు దాన్ని వాడుతున్నాం, ఎవరికీ తప్పనిపించదు. "లారీ రాకముందు", "లారీ వచ్చాక", "లారీ వచ్చేదాకా" అన్నీ ఇంతే, ఒక్కదానికీ సొంతంగా కాలం లేదు. అంటే రేపటి సంగతి అని రెండుసార్లు చెప్పే అలవాటు మన భాషకే లేదు. ఇంగ్లీషుకూ లేదు. "వెన్ ది లారీ కమ్స్, ఐ విల్ టెల్ యూ" అన్నప్పుడు రేపు అని చెప్పే పని రెండో ముక్కలో ఉన్న విల్ చేసేస్తుంది, కమ్స్ దాని వెనకాలే నడుస్తుంది.

మరి ఈ తప్పు ఎక్కడినుంచి వచ్చింది అంటే, నాకు కనపడినంతవరకు రెండు దారుల్లో. ఒకటి, స్కూల్లో "జరగబోయేదానికి విల్ పెట్టాలి" అని బట్టీ పట్టించడం. రేపు జరిగే పని ఎక్కడ కనపడితే అక్కడ చెయ్యి దానంతటదే విల్ రాసేస్తుంది. రెండోది హిందీ. నీకిది బాగా తగులుతుంది, ఎందుకంటే నువ్వు మాట్లాడేది ఢిల్లీ వాళ్లతో. హిందీలో "జబ్ గాడీ ఆయేగీ, తబ్ బతావూంగా" అని రెండు వైపులా రేపటి రూపమే పెడతారు, కాబట్టి అక్కడి పార్టీ కూడా నీతో "వెన్ ది లారీ విల్ కమ్, కాల్ మీ" అనే అవకాశం ఉంది. ఆయన అన్నాడు కదా అని పట్టుకోవద్దు. మన తెలుగు ఈ విషయంలో హిందీ కంటే ఇంగ్లీషుకు దగ్గరగా ఉంది, నీ చెవిని నమ్ముకో.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. రెండు వాక్యాల్లోనూ లారీ రేపే వస్తుంది, ఒకదాంట్లో విల్ ఎందుకు ఉండాలి, ఇంకోదాంట్లో ఎందుకు పోవాలి?

ఆ వెన్ ముక్క మొత్తాన్ని తీసేసి, దాని చోట తెలుగులో ఒక్క మాట పెట్టి చూడు. "లారీ వచ్చినప్పుడు నీకు చెప్తా" అన్నదాంట్లో "లారీ వచ్చినప్పుడు" తీసేస్తే అక్కడ ఏ మాట సరిపోతుంది? "అప్పుడు". అప్పుడు నీకు చెప్తా. "లారీ ఎప్పుడొస్తుందో నాకు తెలీదు" అన్నదాంట్లో "లారీ ఎప్పుడొస్తుందో" తీసేస్తే? "అది". అది నాకు తెలీదు. ఇక్కడ "అప్పుడు నాకు తెలీదు" అంటే వాక్యమే కుదరదు. "అప్పుడు" సరిపోతే విల్ వద్దు. "అది" సరిపోతే విల్ ఉండాలి. వెన్ విషయంలో నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే, మిగతాదంతా దీన్ని వాడటమే.

ఎందుకిలా అంటే, "వచ్చినప్పుడు చెప్తా" అనేవాడు లారీ వస్తుందని కొత్తగా కబురు చెప్పడం లేదు. వస్తుందన్నది అప్పటికే ఇద్దరూ ఒప్పుకున్న సంగతి. దాన్ని గుర్తుగా పెట్టుకుని, ఆ సమయానికి తానేం చేస్తాడో చెప్తున్నాడు. కొత్త కబురు "చెప్తా" అన్నదే, కాబట్టి విల్ అక్కడికి పోతుంది. అదే "ఎప్పుడొస్తుందో తెలీదు" అన్నప్పుడు లారీ రావడమే అసలు విషయం, ఏ టైముకు అన్నదే తేలని సంగతి. లోపల ఒక ప్రశ్న ఉంది: "వెన్ విల్ ది లారీ కమ్?" ఆ ప్రశ్నలో విల్ ఉంది, దాన్ని వాక్యంలో ఇమిడ్చినా విల్ ఉంటుంది. వరస మాత్రం మారుతుంది. బయట అడిగితే "వెన్ విల్ ది లారీ కమ్", లోపల ఇమిడ్చితే "ఐ డోంట్ నో వెన్ ది లారీ విల్ కమ్". "ఐ డోంట్ నో వెన్ విల్ ది లారీ కమ్" అని మనవాళ్లు చాలామంది అంటారు, రాతలో అది తప్పు.

కాబట్టి "వెన్ ది లారీ విల్ కమ్" అనే ముక్కను విడిగా చూపించి తప్పా ఒప్పా అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పక్కన ఏముందో చూడాలి. ఈ రెండూ చూడు:

"ఐ విల్ ఆస్క్ హిమ్ వెన్ హీ కమ్స్."
"ఐ విల్ ఆస్క్ హిమ్ వెన్ హీ విల్ కమ్."

రెండూ నిఖార్సైన ఇంగ్లీషే, కానీ ఒకటి కాదు. మొదటిది "అతను వచ్చాక అడుగుతా", అంటే మనిషి ఎదురుగా వస్తాడు, అప్పుడు ఏదో అడుగుతాను. రెండోది "ఎప్పుడు వస్తావని అతన్ని అడుగుతా", అంటే ఇప్పుడే ఫోన్ చేసి టైము కనుక్కుంటాను. మండీలో ఇది పనికి అడ్డం పడే తేడా. డబ్బులు పడగానే ఒక మాట చెప్పమని అడగాలనుకుని నువ్వు "ప్లీజ్ టెల్ మీ వెన్ ది పేమెంట్ విల్ కమ్" అని పంపావనుకో. అవతలాయన "థర్స్‌డే" అని ఒక ముక్క కొట్టి ఊరుకుంటాడు, ఎందుకంటే నువ్వడిగింది టైమే. గురువారం డబ్బు పడినా ఆయన మళ్లీ చెప్పడు, చెప్పమని నువ్వు అడగలేదు. నీకు కావలసింది "ప్లీజ్ టెల్ మీ వెన్ యూ మేక్ ది పేమెంట్". "అప్పుడు చెప్పండి" అని అర్థం, విల్ లేదు.

తెలుగులో పెట్టి చూసేటప్పుడు ఒక చిక్కు ఉంది, అది ముందే చెప్తాను. మనం ఒక్కోసారి "లారీ ఎప్పుడొస్తుందో అప్పుడు చెప్తా" అని కూడా అంటాం. "ఎప్పుడు" వినపడుతోంది, చివర "ఓ" కూడా ఉంది, కాబట్టి ఇది "అది" రకం అనుకుని విల్ పెట్టేస్తారు. కానీ పక్కనే "అప్పుడు" అని కూర్చుని ఉంది చూడు. ఈ మాటకు "లారీ వచ్చినప్పుడు చెప్తా" అనే అర్థం. విల్ పోతుంది. "ఎప్పుడొస్తే అప్పుడు చెప్తా" అయినా అంతే, అది "వెనెవర్ ఇట్ కమ్స్" అవుతుంది. అందుకే "ఎప్పుడు" అనే మాట ఉందా లేదా అని వెతకొద్దు అంటున్నా. ముక్కంతా ఎత్తేసి దాని చోట "అది" కుదురుతుందా "అప్పుడు" కుదురుతుందా అన్నదే చూడు.

యాజ్ సూన్ యాజ్, బిఫోర్ రెండూ దీనికంటే తేలిక, ఎందుకంటే వాటితో ప్రశ్న అడగలేం. "ఎప్పుడు" అని వెన్‌తో అడుగుతాం గానీ "రాగానే?" అనీ "రాకముందు?" అనీ అడిగే మాట లేదు. కాబట్టి వాటికి "అది" రకం ఉండదు, ఎప్పుడూ "అప్పుడు" రకమే. నీ పని వరకు ఆ రెండింటి తర్వాత విల్ పెట్టకపోతే చాలు.

బిఫోర్‌తో మనవాళ్లకు ఇంకో ఇబ్బంది వస్తుంది. తెలుగులో "రాకముందు" అంటాం, అందులో "రాక" అనేది కాదనే రూపం. దాన్ని పట్టుకుని "బిఫోర్ ది లారీ డజ్ నాట్ కమ్" అనేవాళ్లున్నారు. బిఫోర్‌లోనే ఇంకా జరగలేదన్న అర్థం ఉంది, నాట్ అక్కర్లేదు. "బిఫోర్ ది లారీ కమ్స్", అంతే. మీ పనిలో అంటిల్ కూడా రోజూ వస్తుంది కాబట్టి దాన్నీ కలిపి చెప్పేస్తా. "అడ్వాన్స్ వేసేదాకా లోడ్ చెయ్యం" అన్నదానికి "అంటిల్ యూ విల్ నాట్ సెండ్ ది అడ్వాన్స్, వి విల్ నాట్ లోడ్" అంటారు, హిందీ వాళ్ల "జబ్ తక్ నహీ" కూడా ఇందులో కలుస్తుంది. ఇంగ్లీషులో "వి విల్ నాట్ లోడ్ అంటిల్ యూ సెండ్ ది అడ్వాన్స్". విల్ ఒక్కసారి, నాట్ ఒక్కసారి, రెండూ మనం చేసే పని వైపే.

ఇప్పుడు నీ మెసేజ్ తీసుకుందాం. ఐదు వాక్యాలు ఉన్నాయి, ఒక్కోదాన్నీ ముందు తెలుగులో అనుకుని తర్వాత దిద్దుదాం.

మొదటిది, "లారీ యార్డుకు వచ్చాక లోడింగ్ మొదలుపెడతాం". వచ్చాక అంటే అప్పుడు. విల్ తీసెయ్. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్త, విల్ తీసేసినప్పుడు దాని వెనక ఉన్న కమ్ ఒంటరిగా మిగులుతుంది, చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు: "వెన్ ది లారీ కమ్". ఒక్క లారీ కాబట్టి కమ్స్ కావాలి. విల్ ఉన్నంతసేపు ఎస్ అక్కర్లేదు, విల్ పోగానే ఎస్ వచ్చి చేరాలి. పిల్లల పేపర్లలో విల్ తప్పు దిద్దుకున్న వెంటనే నాకు కనపడే రెండో తప్పు ఇదే. "వెన్ ది లారీ కమ్స్ టు ది యార్డ్, వి విల్ స్టార్ట్ లోడింగ్." రెండు లారీలైతే "వెన్ ది లారీస్ కమ్".

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. విల్ తప్పు అని ఎవరో చెప్పగానే భయపడి రెండు వైపులా తీసేస్తారు: "వెన్ ది లారీ కమ్స్, వి స్టార్ట్ లోడింగ్". ఇది తప్పు వాక్యం కాదు గానీ దీని అర్థం "లారీ వచ్చినప్పుడల్లా లోడింగ్ మొదలుపెడతాం", అంటే మీ మండీలో రోజూ జరిగే పద్ధతి. రేపటి ఒక్క లారీ గురించి మాట ఇస్తున్నావంటే రెండో ముక్కలో విల్ ఉండితీరాలి.

రెండోది, "లోడింగ్ అయిపోగానే కాటా చీటీ పంపుతా". "యాజ్ సూన్ యాజ్ ది లోడింగ్ ఫినిషెస్, ఐ విల్ సెండ్ ది వెయిట్ స్లిప్." ఫినిష్ చివర ఎస్ నేరుగా పలకదు కాబట్టి ఫినిషెస్. "యాజ్ సూన్ యాజ్ ది లోడింగ్ ఈజ్ ఓవర్" అన్నా బాగుంటుంది, మాటల్లో నేనైతే అదే అంటా.

మూడోది, "లారీ బయల్దేరకముందే అడ్వాన్స్ వెయ్యండి". "బిఫోర్ ది లారీ లీవ్స్, ప్లీజ్ సెండ్ ది అడ్వాన్స్." ఇందులో ఎక్కడా విల్ లేదు చూడు. మొదటి ముక్క బిఫోర్ కాబట్టి లేదు, రెండో ముక్క నువ్వు ఆయన్ని అడుగుతున్న మాట కాబట్టి లేదు. రెండో ముక్కలో ప్రతిసారీ విల్ ఉండాల్సిన పని లేదు. అడగొచ్చు, చెయ్యొచ్చు అని క్యాన్ పెట్టొచ్చు, తప్పదు అని మస్ట్ పెట్టొచ్చు. "వెన్ ది మనీ కమ్స్, వి క్యాన్ సెండ్ ది లారీ" అన్నట్టు. ఏది పెట్టినా వెన్ వైపు ముక్క మారదు.

నాలుగోది, "నాగ్‌పూర్ దాటినప్పుడు డ్రైవర్ మీకు ఫోన్ చేస్తాడు". లారీ మీ ఊరినుంచి నలభై నాలుగో నంబరు హైవే మీద కర్నూలు, హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్ పోతుంది, అక్కడ ఫోన్ చేస్తాడని ఇద్దరికీ తెలుసు, తేలనిదేమీ లేదు. "ది డ్రైవర్ విల్ కాల్ యూ వెన్ హీ క్రాసెస్ నాగ్‌పూర్." ఇక్కడ వెన్ ముక్క వెనక్కు వెళ్లింది కాబట్టి కామా అక్కర్లేదు. ముందు పెడితే, "వెన్ హీ క్రాసెస్ నాగ్‌పూర్, ది డ్రైవర్ విల్ కాల్ యూ" అని కామా పెట్టాలి. వెన్ ముక్క ముందున్నా వెనకున్నా విల్ సంగతి మారదు. అది వెనకుంటే మనవాళ్లకు ఇంకా ఎక్కువ తప్పు పోతుంది, ఎందుకంటే అప్పుడే "విల్ కాల్" అని నోటితో అనేసి ఉంటారు, నాలుక అదే ఊపులో రెండో విల్ కూడా లాగేస్తుంది.

ఐదోది, "ఢిల్లీ ఎప్పుడు చేరతాడో తెలీదు". అది తెలీదు. ముట్టుకోవద్దు. "ఐ డోంట్ నో వెన్ హీ విల్ రీచ్ ఢిల్లీ" అలాగే ఉంచు. సగం రూల్ నేర్చుకున్నవాళ్లు ఇక్కడే "వెన్ హీ రీచెస్ ఢిల్లీ" అని దిద్దుతారు. టైం టేబుల్ ఉన్న బండి అయితే అదీ నడుస్తుంది, "ఐ డోంట్ నో వెన్ ది ట్రైన్ రీచెస్ గుంతకల్" అంటే ఆ రైలు టైము నాకు తెలీదు అని, బాగానే ఉంటుంది. లారీకి టైం టేబుల్ ఎక్కడిది, విల్లే కావాలి.

దిద్దింది మొత్తం కలిపి ఇదిగో:

"సర్, వెన్ ది లారీ కమ్స్ టు ది యార్డ్, వి విల్ స్టార్ట్ లోడింగ్. యాజ్ సూన్ యాజ్ ది లోడింగ్ ఫినిషెస్, ఐ విల్ సెండ్ ది వెయిట్ స్లిప్. బిఫోర్ ది లారీ లీవ్స్, ప్లీజ్ సెండ్ ది అడ్వాన్స్. ది డ్రైవర్ విల్ కాల్ యూ వెన్ హీ క్రాసెస్ నాగ్‌పూర్. ఐ డోంట్ నో వెన్ హీ విల్ రీచ్ ఢిల్లీ."

ఇంతవరకు బాగా పట్టుబడితే ఒక మెట్టు పైకి. వెన్ తర్వాత కమ్స్, రీచెస్, లీవ్స్ లాంటివి పెట్టినప్పుడు ఇబ్బంది లేదు, ఎందుకంటే రావడం, చేరడం, బయల్దేరడం ఒక్క క్షణంలో అయిపోయే పనులు. కొంతసేపు సాగే పనులున్నాయి: కాయ గ్రేడింగ్ చెయ్యడం, లెక్క చూడటం, తినడం. "వెన్ ఐ చెక్ ది అకౌంట్స్, ఐ విల్ కాల్ యూ" అంటే వినేవాడికి "లెక్కలు చూసేటప్పుడు ఫోన్ చేస్తా" అన్నట్టు కూడా వినిపిస్తుంది, పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్ చేస్తావన్నమాట. నువ్వనుకున్నది "లెక్కలు చూశాక ఫోన్ చేస్తా" అని. అప్పుడు హావ్ కావాలి: "వెన్ ఐ హావ్ చెక్డ్ ది అకౌంట్స్, ఐ విల్ కాల్ యూ". మన తెలుగులో "-ఏటప్పుడు", "-ఆక" అని తేడా చూపిస్తాం కదా, ఇంగ్లీషులో ఆ "ఆక" పనిని ఇక్కడ హావ్ చేస్తుంది. "భోంచేసేటప్పుడు మాట్లాడదాం" అంటే "వెన్ వి హావ్ లంచ్", "భోంచేశాక మాట్లాడదాం" అంటే "వెన్ వి హావ్ హ్యాడ్ లంచ్". పార్టీ వాళ్లు అనంతపురం వచ్చినప్పుడు ఈ రెండూ కలిపేస్తే అన్నం ముందే బేరం మొదలవుతుంది. ఇక్కడ కూడా "వెన్ ఐ విల్ హావ్ చెక్డ్" అనకూడదు, హావ్ పెట్టినా విల్ రాదు.

విల్ తీసెయ్యమన్నామని దాని బదులు ఇంకోటి తెచ్చి పెట్టేవాళ్లకు కూడా ఒక మాట. "వెన్ హీ ఈజ్ గోయింగ్ టు కమ్, ఐ విల్ టెల్ యూ" అన్నా అదే తప్పు, విల్ వేషం మార్చుకుంది అంతే. "వెన్ యూ ఆర్ కమింగ్, బ్రింగ్ ది బిల్ బుక్" అని మనవాళ్లు తెగ వాడతారు, "వచ్చేటప్పుడు బిల్ బుక్ తీసుకురా" అన్నదాన్ని అచ్చంగా దించినట్టు. ఇంగ్లీషులో "వెన్ యూ కమ్, బ్రింగ్ ది బిల్ బుక్" అంటే చాలు. దారిలో ఉండగా చేసే పని అయితే ఆ ఇంగ్ రూపం సరైనదే: "వెన్ యూ ఆర్ డ్రైవింగ్ త్రూ కర్నూలు, స్టాప్ అట్ అవర్ షాప్".

పాత ఒప్పంద పత్రాల్లో, కోర్టు కాగితాల్లో వెన్ తర్వాత షల్ కనపడి నీకు అనుమానం రావొచ్చు. అది పాతకాలం ఇంగ్లీషు, ఆ కాగితాల్లోనే మిగిలింది. మెసేజ్‌లో వాడితే వింతగా ఉంటుంది.

విల్ ఉండాల్సిన ఇంకో చోటు కూడా నీకు పనికొస్తుంది. "ప్లీజ్ డోంట్ సెండ్ ది లారీ ఆన్ సండే, వెన్ ది యార్డ్ విల్ బి క్లోజ్డ్." ఆదివారం అని రోజు ముందే చెప్పేశావు, వెన్ ముక్క ఆ రోజు గురించి ఇంకో కబురు కలుపుతోంది: ఆ రోజు యార్డు మూసి ఉంటుంది. యార్డు మూస్తారన్నది ఇక్కడ కొత్త కబురే కాబట్టి విల్ కుదిరింది. సండే తర్వాత కామా ఉండటమే గుర్తు.

ఇఫ్ కూడా వెన్ లాగే నడుస్తుంది, దానికోసం వేరే రూల్ నేర్చుకోవద్దు. "వర్షం వస్తే లోడింగ్ ఆపుతాం" అన్నదానికి "ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టాప్ లోడింగ్". "వర్షం వస్తుందో లేదో తెలీదు" అన్నదానికి "ఐ డోంట్ నో ఇఫ్ ఇట్ విల్ రెయిన్". రెండోదాంట్లో మళ్లీ "అది తెలీదు" వచ్చింది.

చివరగా, మీ ఓనర్‌కు కబురు చెప్పేటప్పుడు. ఢిల్లీ పార్టీ నిన్న ఫోన్లో "ఐ విల్ పే వెన్ ది లారీ రీచెస్ ఢిల్లీ" అన్నాడు. నువ్వు ఆ మాటను ఇంకొకరికి చెప్తున్నావు. విల్ కాస్తా వుడ్ అవుతుంది, రీచెస్ కాస్తా రీచ్డ్ అవుతుంది: "హీ సెడ్ హీ వుడ్ పే వెన్ ది లారీ రీచ్డ్ ఢిల్లీ". మనవాళ్లు "వెన్ ది లారీ వుడ్ రీచ్ ఢిల్లీ" అంటారు, విల్ దగ్గర చేసిన తప్పే వుడ్ వేసుకుని వస్తుంది. లారీ ఇంకా దారిలోనే ఉంది, ఢిల్లీ చేరనేలేదు, రీచ్డ్ ఎలా అంటాం అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. తెలుగులో "లారీ ఢిల్లీ చేరినాక డబ్బులు వేస్తానన్నాడు" అంటాం కదా, చేరని లారీకి "చేరినాక" అంటున్నాం, ఇదీ అంతే. లారీ ఇంకా చేరలేదు కాబట్టి "హీ సెడ్ హీ విల్ పే వెన్ ది లారీ రీచెస్ ఢిల్లీ" అన్నా మాటల్లో ఒప్పుకుంటారు. ఎలా చెప్పినా వెన్ పక్కన మాత్రం విల్ గానీ వుడ్ గానీ వద్దు.